బోరు వేయించే ముందు: ఫీటు రేటు, కేసింగ్, లోతు చార్జీ, మోటార్ ఫిట్టింగ్ లెక్క ఎలా వేసుకోవాలి

"ఫీటుకు ఎంత నడుస్తోంది?" అని చాలామంది అడుగుతున్నారు. ఎండాకాలం వచ్చిందంటే ఈ ప్రశ్న మరీ ఎక్కువ. కానీ ఈ ఒక్క రేటు తెలుసుకుని బండిని పిలిపిస్తే చివర్లో చేతికొచ్చే బిల్లు చూసి గొడవ పడాల్సి వస్తుంది. బోరు బిల్లులో ఫీటు రేటు ఒక భాగమే. పైమట్టి జారకుండా దించే కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దిగింది, ఏ లోతు నుంచి రేటు పెరిగింది, కూలీల బత్తా ఎంత అన్న మూడూ కలిస్తేనే అసలు ఖర్చు తేలుతుంది. అందుకే అడగాల్సింది ఫీటు రేటు కాదు, ఫలానా లోతుకు మొత్తం ఎంతవుతుందని.

ఇక్కడ చెప్పేదంతా తెలంగాణ, రాయలసీమ లాంటి రాతి నేలల్లో ఇంటికి వేసే ఆరున్నర అంగుళాల బోరు గురించి. గోదావరి, కృష్ణా డెల్టాల్లోని ఇసుక, ఒండ్రు నేలల్లో పైనుంచి కింద దాకా పైపు, మధ్యలో ఫిల్టర్లు వేస్తారు. అక్కడి లెక్క పూర్తిగా వేరు.

కింద రాసిన రేట్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. డీజిల్ ధరను బట్టి, సీజన్‌ను బట్టి, ఊరిని బట్టి రేట్లు మారతాయి కాబట్టి వాటి స్థానంలో మీకు చెప్పిన రేట్లు వేసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఇదే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- బోరుకు అనుమతి. 2002 నాటి వాల్టా చట్టం కింద కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, బోరు బండికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. దరఖాస్తు మీ సేవలో పెట్టవచ్చు.
- మీ వీధిలో ఇప్పటికే ఉన్న రెండు మూడు బోర్ల వివరాలు: ఎంత లోతు వేశారు, కేసింగ్ ఎంత దిగింది, నీళ్లు ఎక్కడ పడ్డాయి, ఎండాకాలంలో ఎలా ఉంటున్నాయి.
- కొలిచే టేపు, నోటు పుస్తకం, పెన్ను.
- 200 లీటర్ల డ్రమ్ము ఒకటి. నీళ్లు కొలవడానికి.
- బోరు పడుతున్నంతసేపూ దగ్గరుండి లెక్క రాసే మనిషి. రాత్రి రెండింటికి బండి వచ్చినా సరే, ఇది తప్పదు.

1. కొటేషన్‌ను ఈ ప్రశ్నలతో అడగండి

బండ్లు ఎక్కువగా ఏజెంటు ద్వారా వస్తాయి. చాలా బండ్లు తమిళనాడులోని తిరుచెంగోడు వైపు నుంచి వచ్చినవే. ఏజెంటు ఫోన్లో ఒప్పుకున్న మాట బండి మీదున్న డ్రైవర్‌కు చేరకపోవచ్చు. అందుకని ఏజెంటు చెప్పింది వాట్సాప్‌లో రాసి పెట్టించుకోండి, బండి వచ్చాక హ్యామర్ దించకముందే డ్రైవర్‌కు అదే చూపించండి. అడగాల్సినవి ఇవి:

- మొదటి రేటు ఎన్ని అడుగుల వరకు? 300 వరకా, 200 వరకేనా?
- ఆ తర్వాత ప్రతి వంద అడుగులకు ఎంత పెరుగుతుంది?
- పెరిగిన రేటు ఆ పై అడుగులకేనా, మొదటి నుంచీ మొత్తానికా?
- కేసింగ్ ఫీటుకు ఎంత? అందులో పైపు ధర ఒక్కటేనా, ఆ భాగం డ్రిల్లింగ్ కూడా కలిసిందా?
- కనీస చార్జీ ఉందా? 150 అడుగుల్లోనే నీళ్లు పడి ఆపేస్తే ఎన్ని అడుగులకు కట్టాలి?
- బండి రవాణా, కూలీల బత్తా, చివర్లో బోరు కడిగే ఫ్లషింగ్ వేరేనా? బిల్లు ఇస్తే జీఎస్టీ అదనమా?

వీటిలో మూడోది, నాలుగోది అడగనివాళ్లే ఎక్కువ. గొడవలు కూడా వాటి దగ్గరే వస్తాయి.

2. రెండు కొటేషన్లను ఒకే లోతుకు పోల్చండి

ఒక ఉదాహరణ చూద్దాం. మీ వీధిలో బోర్లు 400 అడుగుల చుట్టుపక్కల ఉన్నాయి, కేసింగ్ 60 అడుగుల దాకా దిగుతోంది అనుకోండి.

మొదటి ఏజెంటు ఫీటుకు 85 రూపాయలన్నాడు. వినడానికి బాగుంది. కానీ ఆ రేటు 200 అడుగుల వరకే, ఆపైన ప్రతి వందకు 15 రూపాయలు పెరుగుతుంది. కేసింగ్ ఫీటుకు 600, బత్తా, రవాణా కలిపి 5,000.

రెండో ఏజెంటు ఫీటుకు 100 అన్నాడు. ఆ రేటు 300 వరకు, ఆపైన వందకు 10 రూపాయల పెంపు. కేసింగ్ 450, బత్తా, రవాణా 3,000.

ఇద్దరిదీ కేసింగ్ రేటులో పైపు ధర మాత్రమే ఉంది, డ్రిల్లింగ్ లెక్క నేల నుంచే మొదలవుతుంది. బోరు 420 అడుగులు పడిందనుకుంటే:

మొదటి ఏజెంటు లెక్క
- 0–200: 200 × 85 = 17,000
- 201–300: 100 × 100 = 10,000
- 301–400: 100 × 115 = 11,500
- 401–420: 20 × 130 = 2,600
- కేసింగ్: 60 × 600 = 36,000
- బత్తా, రవాణా: 5,000
- మొత్తం: 82,100 రూపాయలు

రెండో ఏజెంటు లెక్క
- 0–300: 300 × 100 = 30,000
- 301–400: 100 × 110 = 11,000
- 401–420: 20 × 120 = 2,400
- కేసింగ్: 60 × 450 = 27,000
- బత్తా, రవాణా: 3,000
- మొత్తం: 73,400 రూపాయలు

ఫీటుకు 15 రూపాయలు తక్కువ చెప్పిన మనిషే చివరికి 8,700 ఎక్కువ తీసుకుంటాడు. తేడా ఎక్కువగా కేసింగ్‌లోనే ఉంది, చాలామంది ఆ రేటు అడగనే అడగరు. ఇదే లెక్కను 600 అడుగులకు వేసి చూస్తే డ్రిల్లింగ్ ఖర్చు ఇద్దరిదీ సరిగ్గా 66,000 అవుతుంది. అంటే 85 రూపాయల రేటు వల్ల వచ్చిన లాభం లోతుకు పోయేకొద్దీ కరిగిపోయింది, కేసింగ్, బత్తాల తేడా 11,000 మాత్రం అలాగే మిగిలింది.

పెరిగిన రేటు మొత్తానికి వేస్తానంటే ఏమవుతుందో కూడా చూడండి. రెండో ఏజెంటు రేట్లే తీసుకుందాం. 420 అడుగులకూ 120 చొప్పున వేస్తే 50,400 అవుతుంది. పద్ధతి ప్రకారం రావాల్సింది 43,400. ఒక్క మాట ముందే తేల్చుకోకపోతే 7,000 రూపాయలు పోతాయి. లోతుకు వెళ్లేకొద్దీ రాడ్లు ఎక్కువ మార్చాలి, కంప్రెసర్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, కాబట్టి రేటు పెంచడం న్యాయమే. కానీ ఆ ఖర్చు కింది అడుగులదే. పైన ఎప్పుడో తవ్విన 300 అడుగులకు పెంచడంలో న్యాయం లేదు.

ఇలా మీకొచ్చిన ప్రతి కొటేషన్‌నూ 200, 400, 600 అడుగులకు లెక్క వేసి పక్కపక్కన రాసుకోండి. అప్పుడు ఎవరిది తక్కువో మీకే కనిపిస్తుంది.

3. కేసింగ్ దగ్గర కళ్లు తెరుచుకుని ఉండండి

పైనున్న మట్టి, మొరం బోరులోకి జారకుండా ఆపడమే కేసింగ్ పని. ముందు పెద్ద బిట్టుతో మెత్తటి నేలను తవ్వుతారు. గట్టి బండ తగిలాక అందులోకి కొంత దిగి, ఏడంగుళాల పైపును ఆ బండ మీద కూర్చోబెడతారు. ఆ తర్వాత పైపు లోపలి నుంచి ఆరున్నర బిట్టు దించి కిందికి పోతారు. బండలో గోడ తనంతట తానే నిలబడుతుంది కాబట్టి అక్కడ పైపు అక్కర్లేదు.

ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి.

మొదటిది, తక్కువ వేయడం. ఖర్చు తగ్గించుకుందామని ఇంటివాళ్లే "చాలు, ఇక ఆపెయ్" అనడం మామూలే. లేదా మొరంలో ఉన్న ఒక గుండు తగిలితే అదే బండ అనుకుని పైపు దాని మీద కూర్చోబెడతారు. కొన్నాళ్లకు ఆ గుండు కింద నుంచి మట్టి జారుతుంది, మోటార్ ఇరుక్కుంటుంది. ఒక 20 అడుగుల పైపుకు 9,000 మిగిల్చుకుంటే, ఇరుక్కున్న మోటార్, పైపులు, వైరు అన్నీ బోరులోనే వదిలేసుకోవాల్సి రావచ్చు. కేసింగ్‌లో పొదుపు వద్దు.

రెండోది, అవసరానికి మించి వేయడం. కేసింగ్ మీద మార్జిన్ ఎక్కువ ఉన్న కొటేషన్‌లో "మట్టి ఆగట్లేదన్నా, ఇంకో రెండు పైపులు పడాలి" అనే మాట తొందరగా వస్తుంది. గట్టి బండలోకి పదులకొద్దీ అడుగులు పైపు దింపడం వల్ల మీకు ఖర్చే తప్ప ఉపయోగం లేదు. పైగా బండ మొదలయ్యే చోట పగుళ్లలో నీళ్లుంటే పైపు వాటిని మూసేస్తుంది.

ఎంత కావాలో తెలిసేదెలా? పైకి వచ్చే పొడి చూడండి. ప్రతి రాడ్డు దిగాక ఒక దోసెడు తీసి నేల మీద వరుసగా కుప్పలు పెట్టండి, పక్కన అడుగులు రాయండి. మొదట ఎర్రమట్టి, తర్వాత చేత్తో నలిపితే నలిగే పసుపు, గోధుమ రంగు మొరం, ఆపైన మెరిసే గింజలతో బూడిద రంగు రాతి పొడి వస్తాయి. రాతి పొడి రావడం మొదలైతే దుమ్ము తెల్లగా లేస్తుంది, హ్యామర్ శబ్దం మొద్దుగా ఉన్నది కాస్తా గట్టిగా, ఒకే తీరుగా కొడుతున్నట్టు మారుతుంది, రాడ్డు దిగే వేగం తగ్గుతుంది. ఇవన్నీ కలిసి వచ్చి, కనీసం నాలుగైదు అడుగులు అలాగే కొనసాగితే అది బండ. రెండడుగుల్లోనే మళ్లీ మొరం వస్తే అది గుండు, ఇంకా దిగాలి.

పైపు రకం: పీవీసీ అయితే బోరు కేసింగ్ ప్రమాణం IS 12818 గుర్తు పైపు మీద ముద్రించి ఉందో లేదో చూడండి. మామూలు డ్రైనేజీ పైపులా పలచగా ఉన్నదాన్ని ఒప్పుకోవద్దు. నేల బాగా వదులుగా, గుండ్లతో ఉంటే ఇనుప కేసింగ్ మేలు, దాని ఖర్చు పీవీసీ కన్నా చాలా ఎక్కువ.

లెక్క సరిచూడటం: పైపులు సాధారణంగా 20 అడుగులవి. దించకముందే ప్రతి పైపునూ టేపుతో కొలిచి రాసుకోండి. చివరి పైపును కోస్తే మిగిలిన ముక్కను కూడా కొలవండి, దానికి డబ్బు కట్టాలా లేదా ముందే మాట్లాడుకోండి. నేల పైన అడుగున్నర, రెండడుగులు పైపు కనిపించేలా ఉంచమనండి. వర్షపు నీళ్లు, బురద లోపలికి పోకుండా ఉంటాయి.

కేసింగ్ రేటులో డ్రిల్లింగ్ కూడా కలిసి ఉందని ఒప్పుకున్నట్టయితే, ఫీటు లెక్క నేల నుంచి కాకుండా కేసింగ్ కింద నుంచి మొదలవ్వాలి. 58 అడుగుల దాకా పైపు దిగితే, మొదటి రేటు 100 చొప్పున 5,800 రూపాయలు బిల్లులోంచి తగ్గాలి. రెండుసార్లు వేశారేమో చూసుకోండి.

4. రాడ్లు లెక్కపెట్టండి

లోతు తెలుసుకోవడానికి రాడ్లే ఆధారం. పని మొదలయ్యే ముందే ఒక రాడ్డును టేపుతో కొలవండి. చాలా బండ్లకు 20 అడుగుల రాడ్లుంటాయి, కొన్నింటికి తక్కువ పొడవు ఉంటాయి. కొలవకుండా ఇరవై అనుకుంటే లెక్క తప్పుతుంది.

రాడ్డు దిగిన ప్రతిసారీ పుస్తకంలో గీత గీయండి, పక్కన మూడు ముక్కలు రాయండి: పొడి రంగు, తడి వచ్చిందా, నీళ్లు పెరిగాయా. 21 రాడ్లు దిగితే 420 అడుగులు. హ్యామర్ పొడవు నాలుగైదు అడుగులు డ్రైవర్ కలుపుతాడు, అది సబబే. కానీ చివరి రాడ్డు పూర్తిగా దిగకపోతే పైన మిగిలిన భాగం తీసేయాలి. పని అయ్యాక రాడ్లు పైకి తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలవాలి.

మరో పరీక్ష: బండి వెళ్లకముందే నైలాన్ తాడుకు బరువు కట్టి బోరులోకి వదలండి. తాడు 415 దగ్గర సడలితే ఫర్వాలేదు, అడుగున కొంత పొడి మిగులుతుంది. 380 దగ్గరే సడలితే లోతు తక్కువైనా అయ్యుండాలి, లోపల మట్టి జారైనా ఉండాలి. రెండిట్లో ఏదైనా డబ్బు ఇచ్చేలోపే తేలాలి.

5. ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించుకోండి

నీళ్లు రాకపోతే "ఇంకో వంద చూద్దాం" అనే మాట ఎవరో ఒకరు అంటారు. ఆ టెన్షన్‌లో రేటు పెరుగుతోందన్న సంగతి గుర్తుండదు. గ్రానైట్ నేలల్లో లోతుకు పోయేకొద్దీ సాధారణంగా పగుళ్లు తగ్గుతాయి. చుట్టుపక్కల ఏ బోరులోనూ 500 కింద నీళ్లు పడలేదంటే మీకు అక్కడ పడే అవకాశం కూడా తక్కువే. మీ గరిష్ఠ లోతు ఎంతో, దానికి ఎంతవుతుందో ముందే కాగితం మీద రాసుకుని దాని దగ్గర ఆగండి.

నీళ్లు పడ్డాక ఫ్లషింగ్ చేయిస్తారు. బురద నీళ్లు పోయి తేటబడేదాకా చేయించండి, తొందరపెట్టి ఆపించవద్దు. మొదట ఎగజిమ్మే నీళ్లు చూసి ఆనందపడితే మోసపోతారు, అది బోరులో నిల్వ ఉన్నది కూడా కలిసి గాలి ఒత్తిడితో వచ్చేది. కనీసం అరగంట ఆగి, ధార నిలకడయ్యాక కాలువ చేసి నీళ్లను డ్రమ్ములోకి మళ్లించండి. 200 లీటర్ల డ్రమ్ము నాలుగు నిమిషాల్లో నిండితే గంటకు 3,000 లీటర్లు. "రెండించుల నీళ్లు", "మూడించుల నీళ్లు" అని చెప్పేది ఒక్కొక్కరు ఒక్కోలా కొలుస్తారు. మోటార్ కొనడానికి మీకు కావాల్సింది ఈ లీటర్ల లెక్కే.

6. మోటార్: కొనే ముందు ఒక రోజు ఆగండి

బోరు వేసిన రోజే మోటార్ దింపించేయడం మంచిది కాదు. ఒక రోజు ఆగితే నీటి మట్టం నిలబడుతుంది, లోపలి పొడి కిందికి దిగుతుంది. అప్పుడు తాడు వదిలి నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో చూడండి.

మన ఉదాహరణలో బోరు 420, నీళ్లు పడింది 180 దగ్గర, 340 దగ్గర. నిలకడ మట్టం 110 అడుగులు. మోటార్‌ను 380 దగ్గర పెడదాం. అడుగుకు ఆనించి పెట్టకూడదు, బురదలో కూరుకుపోతుంది, కనీసం 20–30 అడుగులు ఖాళీ ఉండాలి. మోటార్ ఆడుతున్నప్పుడు నీటి మట్టం 300 దాకా పడిపోతుందనుకుని, పైన ట్యాంకు ఎత్తు 30, పైపులో నష్టం 20 కలిపితే పంపు నీళ్లు ఎత్తాల్సిన ఎత్తు 350 అడుగులు, అంటే సుమారు 107 మీటర్లు. దీన్నే హెడ్ అంటారు. బోరు గంటకు 3,000 లీటర్లు ఇస్తోంది కాబట్టి 2,000–2,500 లాగే పంపు చాలు. దీనికి 2 హెచ్‌పీ సరిపోతుంది. షాపులో "107 మీటర్ల హెడ్ దగ్గర గంటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అని అడిగి, పంపు చార్టులో అదే వరుస చూపించమనండి. హెచ్‌పీ ఎక్కువైతే మంచిదనుకుని 3 పెట్టిస్తే బోరు ఇచ్చేదానికన్నా ఎక్కువ లాగి మోటార్ పొడిగా తిరిగే ప్రమాదం ఉంది.

ఉదాహరణ ఖర్చు:

- 2 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్: 20,000
- కాలమ్ పైపు 380 అడుగులు × 45: 17,100
- వైరు 400 అడుగులు × 40: 16,000
- ప్యానెల్ బోర్డు: 3,500
- తాడు, క్లాంపులు, బెండు, బోరు క్యాప్: 3,000
- ఫిట్టింగ్ కూలి: 4,000
- మొత్తం: 63,600 రూపాయలు

చూడండి, పైపు, వైరు కలిపితే మోటార్ ధరను దాటేశాయి. బోరు లోతు ఖర్చు బండి బిల్లుతో ఆగదు, ప్రతి అడుగుకూ పైపు, వైరు రూపంలో మళ్లీ వస్తుంది. బోరు, ఫిట్టింగ్ కలిపి ఇక్కడ 1,37,000 అయింది. ఫిట్టింగ్ కూలి కొందరు మొత్తంగా, కొందరు అడుగుల లెక్కన తీసుకుంటారు, ఇదీ ముందే అడగండి.

వైరు దగ్గర తగ్గించవద్దు. సింగిల్ ఫేజ్ 2 హెచ్‌పీ మోటార్ సుమారు 11 ఆంపియర్లు తీసుకుంటుంది. 400 అడుగుల దూరానికి 2.5 ఎంఎం వైరు వేస్తే దారిలోనే 20 వోల్టుల దాకా పోతాయి, 4 ఎంఎం వేస్తే 12–13. అసలే వోల్టేజీ తక్కువుండే ఊళ్లలో ఈ తేడా మోటార్ వైండింగ్ మీద పడుతుంది.

7. దింపేటప్పుడు, దింపాక చూడాల్సినవి

- నీళ్లు నింపే రకం మోటార్ అయితే దించకముందే మంచి నీళ్లు పూర్తిగా నింపాలి. చాలాసార్లు మరిచిపోయేది ఇదే.
- వైరు జాయింటును బకెట్ నీళ్లలో ముంచి ఇన్సులేషన్ టెస్ట్ చేయించండి. లోపలికి పోయాక జాయింట్ పాడైతే మొత్తం పైకి తీయాలి.
- వైరును ప్రతి పది అడుగులకు పైపుకు కట్టాలి. సేఫ్టీ తాడు మోటార్‌కు విడిగా కట్టి పైన క్లాంపుకు బిగించాలి.
- మోటార్ ఆన్ చేశాక క్లాంప్ మీటర్‌తో ఆంపియర్లు చూపించమనండి. నేమ్ ప్లేటు మీదున్న అంకె దాటకూడదు. త్రీ ఫేజ్‌లో నీళ్లు తక్కువొస్తే తిరుగుడు రివర్స్ అయ్యిందేమో, రెండు వైర్లు మార్చి చూడాలి.
- ఆపకుండా రెండు గంటలు ఆడించి డ్రమ్ముతో మళ్లీ కొలవండి. మధ్యలో గాలి కలిసి తుంపులుగా వస్తే మోటార్ బోరును ఖాళీ చేస్తోందని అర్థం. వాల్వు తగ్గించండి, నీళ్లు లేకపోతే మోటార్‌ను ఆపేసే డ్రై రన్ ప్రివెంటర్ పెట్టించండి.
- రెండో రోజు, మూడో రోజు గాజు గ్లాసులో నీళ్లు పట్టి గంటసేపు వదిలేయండి. అడుగున ఇసుక, మట్టి పేరుకుంటుంటే కేసింగ్ సరిగ్గా కూర్చోలేదేమో అని అనుమానించాలి. మోటార్ ఇరుక్కునేలోపు ఫిట్టింగ్ మేస్త్రీని పిలిపించండి.

ఒకవేళ బోరు ఫెయిలైతే కేసింగ్ పైపు పైకి లాగి ఇచ్చేస్తే కొంత డబ్బు తగ్గిస్తామని కొందరు డ్రైవర్లు అంటారు. పైపు తీస్తే ఆ గుంత నోరు తెరుచుకుని ఉంటుంది కాబట్టి, తీసిన వెంటనే, మనుషులు అక్కడి నుంచి కదలకముందే, మట్టి, రాళ్లతో కింద నుంచి పై దాకా పూడ్పించండి. చిన్నపిల్లలు బోర్లలో పడకుండా 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో వదిలేసిన బోరును నేల మట్టం దాకా పూడ్చాలని, వాడే బోరుకు గట్టి మూత, చుట్టూ 30 సెంటీమీటర్లు నేల పైకి, 30 సెంటీమీటర్లు నేల లోపలికి సిమెంటు గద్దె ఉండాలని ఉంది. పూడ్చాకే బండి డబ్బులు ఇవ్వండి.